నొప్పి లేదు కదా, సోమవారం రండి

పైన రాసిన మాట మా ఆసుపత్రి ఓ.పి. కౌంటరులో మా వారే ఒకామెతో అన్న మాట. ఒక శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు అన్నారు. కోపంతో అనలేదు, విసుక్కుని అనలేదు. కంటి డాక్టరు గారు అప్పటికే ఓ.పి. ముగించుకుని వెళ్ళిపోయారు. ఆమె కన్ను ఎర్రగా లేదు, నీరు కారడం లేదు, నొప్పి అసలే లేదు. ఆ వేళ మేము కౌంటరు దగ్గర నిలబడి ఉన్నా బహుశా అదే చెప్పి పంపేవాళ్ళం. అందుచేత తప్పు ఒక గుమాస్తా మీద వేసి చేతులు దులుపుకోవడం మాకు ఇష్టం లేదు. ఆమె అనుమతితో, పేరు చెప్పకుండా, జరిగింది జరిగినట్లు ఇక్కడ రాస్తున్నాము.

ఆమెకు యాభై రెండేళ్ళు. మిషను కుట్టి ఇల్లు నడుపుతారు. చిన్నప్పటి నుంచి దూరపు చూపు తక్కువ, రెండు కళ్ళకూ మైనస్ ఆరు పవరు అద్దాలు. ముందు రోజు గురువారం రాత్రి కరెంటు పోయింది. చీకట్లో వంటింటి వైపు నడుస్తుంటే కుడి కంటికి కుడి అంచున ఏదో మెరిసింది. వాన వస్తుందేమో, మెరుపు అనుకున్నారు. కిటికీ లోంచి చూస్తే ఆకాశం నిండా చుక్కలున్నాయి. కన్ను తిప్పినప్పుడల్లా అదే చోట విల్లులాగా వంగిన వెలుగు, రెప్పపాటు కనిపించి పోతోంది. పొద్దున లేచేసరికి అదే కంటి ముందు నల్లని నలుసులు. దోమలనుకుని చేత్తో తోలారు. తర్వాత లాంతరు గ్లాసులోంచి మసి రాలినట్లు చాలా కనిపించాయట. అద్దాలు తుడిచారు, ముఖం కడుక్కున్నారు, పోలేదు. సాయంత్రం పని కట్టేసి మా దగ్గరకు వచ్చారు. అంటే ఆమె ఆలస్యం చేయలేదు. సరైన రోజునే వచ్చారు.

మా దగ్గర చీటీ దొరకలేదు గనుక దారిలో మందుల షాపులో చుక్కల మందు కొనుక్కుని వెళ్ళారు. శని, ఆదివారాలు బంధువుల పెళ్ళి. అప్పటికి మెరుపులు తగ్గాయి. మందు పని చేసిందనుకున్నారు, సోమవారం రాలేదు. బుధవారం నాడు ముక్కు పక్కన, కింది వైపు నుంచి ఒక నీడ మొదలైంది. కంటికి కొంగు అడ్డం పడినట్లు ఉందని ఆమే చెప్పారు. శనివారం సూదిలో దారం ఎక్కించబోతే దారం వంకరగా కనిపించింది. ఎడమ కన్ను మూసి చూస్తే ఎదుట కూర్చున్న మనిషి ముఖమే లేదు. తర్వాతి సోమవారం, అంటే మేము పంపివేసిన పదో రోజున, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చారు. చార్టులో పెద్ద అక్షరం కూడా చదవలేకపోయారు. మీటరు దూరంలో వేళ్ళు లెక్కపెట్టగలిగారు, అంతే.

ఆ పది రోజుల్లో కంటి లోపల ఏం జరిగిందో తెలిస్తేనే మెరుపుకు ఎందుకింత తొందర పడమంటున్నామో అర్థమవుతుంది.

కనుగుడ్డు లోపల ఖాళీ లేదు. నీళ్ళలా తేటగా ఉండే ఒక జెల్లీ నిండి ఉంటుంది. దీన్ని డాక్టర్లు విట్రియస్ అంటారు. లేత తాటి ముంజె తెలిసినవారికి దీన్ని వేరే వర్ణించనక్కర లేదు. ఆ జెల్లీ చుట్టూ, కంటి వెనక గోడకు అంటుకుని, పలుచని పొర ఒకటి ఉంటుంది. అదే రెటీనా, చూపుకు తెర. వయసులో ఉన్నప్పుడు జెల్లీ, తెర ఒకదానినొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. యాభై దాటేసరికి ముంజెలో నీరు వేరయినట్లు జెల్లీలో నీరు వేరుపడుతుంది, మిగిలింది ముడుచుకుంటుంది, ఒక రోజున తెర నుంచి విడిపోతుంది. ఇది జబ్బు కాదు, తల నెరవడం వంటిదే. ఎక్కువ మైనస్ పవరు ఉన్నవారికి, శుక్లం ఆపరేషన్ అయినవారికి, కంటికి దెబ్బ తగిలినవారికి ముందుగానే రావచ్చు.

విడిపోయేటప్పుడు జెల్లీ తెరను లాగుతుంది. తెరకు నొప్పి తెలియదు. నొప్పిని చెప్పే నరాలు దానికి లేవు. దాన్ని ఎవరు ముట్టుకున్నా, ఎవరు లాగినా మెదడుకు అది పంపగలిగిన కబురు వెలుతురు ఒక్కటే. చీకట్లో కనిపించిన మెరుపు అదే. బయట వెలుగు లేదు, లోపల లాగుడు ఉంది. ఇక నలుసులంటారా, జెల్లీలోని పోగులు ముద్దకట్టి తెర మీద వేసే నీడలు కొన్ని. జెల్లీ విడిపోయిన చోట ఉంగరంలా ఒక వలయం కనిపించడమూ ఉంది. మసి రాలినట్లు ఒక్కసారిగా వందల చుక్కలు కనిపిస్తే మాత్రం అవి రక్తపు కణాలు కావచ్చు. తెర చిరిగినప్పుడు దానితో పాటు సన్నని రక్తనాళం తెగి ఉండవచ్చు.

ఎక్కువ మందికి జెల్లీ శుభ్రంగా విడిపోతుంది. కొందరికి ఎక్కడో ఒక చోట గట్టిగా అంటుకుని, వదలక, తెరను చించుతుంది. కొత్తగా మెరుపులు, చుక్కలు వచ్చి కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళినవారిలో సుమారు ఏడుగురిలో ఒకరికి అలాంటి చిరుగు కనిపిస్తుంది. గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. చిరుగు పడిన రోజున చూపు బాగానే ఉండవచ్చు. చార్టు చివరి వరుస కూడా చదవవచ్చు. అయితే జెల్లీలోంచి వేరుపడిన నీరు ఆ చిరుగులోంచి తెర వెనక్కు చేరడం మొదలుపెడుతుంది. వానాకాలంలో గోడ పగులులోకి నీరు దిగి సున్నం పెచ్చు ఉబ్బి ఊడడం చూస్తుంటాం కదా, అదే తీరు. మెరుపులతో వచ్చిన ఇటువంటి చిరుగును అలాగే వదిలేస్తే సగం మందికి, అంతకన్నా ఎక్కువ మందికి కూడా తెర ఊడుతుంది. సకాలంలో లేజరు వేస్తే నూటికి అయిదుగురికి కూడా ఊడదు.

మా టైలరమ్మకు చిరుగు కుడి కంటి తెర పైభాగంలో, బయటి అంచున పడింది. పై చిరుగులు త్వరపడతాయి, ఎందుకంటే నీరు కిందికి జారుతుంది. కంటిలో బొమ్మ తలకిందులుగా పడుతుంది గనుక పైన బయటి వైపు తెర ఊడితే నీడ కింద ముక్కు వైపు కనిపిస్తుంది. బుధవారం ఆమె చూసిన కొంగు అదే. అప్పటికింకా తెర మధ్యనున్న మాక్యులా అనే చోటు ఊడలేదు. మనం అక్షరం చదివేది, సూదిలో దారం ఎక్కించేది, మనిషి ముఖం గుర్తుపట్టేది ఆ చిన్న చోటుతోనే. అది శుక్రవారం రాత్రికో శనివారం ఉదయానికో ఊడింది. తెర వెనక గోడ నుంచి అందే ఆహారం అందక ఆ చోటులోని కణాలు ఎండిపోవడం మొదలవుతుంది. మళ్ళీ అతికించవచ్చు. కాని ఎండిన దానికి పూర్వపు పచ్చదనం పూర్తిగా రాదు. మాక్యులా ఊడిన తర్వాత కూడా మొదటి కొద్ది రోజుల్లో అతికిస్తే వచ్చే చూపుకు, వారాల తర్వాత అతికిస్తే వచ్చే చూపుకు తేడా ఉంటుంది.

ఇప్పుడు లెక్క వేయండి. ఆ శుక్రవారం సాయంత్రం ఆమెకు చేయవలసిన వైద్యం చిరుగు చుట్టూ లేజరు. కంట్లో చుక్కలతో తిమ్మిరి ఎక్కించి, కూర్చోబెట్టి, చిరుగు చుట్టూ రెండు మూడు వరుసల్లో చిన్న చిన్న మచ్చలు పడేలా కాలుస్తారు. పది ఇరవై నిమిషాల పని, అదే రోజు ఇంటికి వెళ్ళవచ్చు. ఆ మచ్చలు గట్టిపడి తెరను గోడకు అతికించడానికి రెండు వారాలు పడుతుంది. పదో రోజున ఆమెకు చేయవలసి వచ్చింది విజయవాడలో పెద్ద ఆపరేషన్. కంట్లోని జెల్లీని తీసివేసి, తెరను అతికించి, గ్యాసు నింపారు. కొన్ని రోజులు రాత్రీ పగలూ డాక్టరు చెప్పిన భంగిమలోనే తల ఉంచాలి. గ్యాసు కరిగే వరకు విమానం ఎక్కకూడదు, ఎత్తయిన కొండలకు పోకూడదు. మిషను మూతపడింది. తెర అతుక్కుంది, అది సంతోషం. చూపు 6/24 దగ్గర ఆగింది. ఆ కంటికి నిట్టనిలువు గీతలు కొంచెం వంగి కనిపిస్తాయి. యాభై దాటినవారికి ఈ ఆపరేషన్ తర్వాత ఏడాది రెండేళ్ళలో శుక్లం రావడం మామూలే, దానికీ ఆమె సిద్ధపడాలి. ఇప్పుడు ఆమె కుట్టుపని అంతా ఎడమ కంటి మీదే.

చిరుగును మూస్తే తెర నిలుస్తుందని లోకం నమ్మడానికే చాలా కాలం పట్టింది. వంద సంవత్సరాల క్రితం వరకు తెర ఊడిన రోగిని కదలకుండా వారాల తరబడి మంచం మీద పడుకోబెట్టడమే వైద్యం. స్విట్జర్లాండులోని లోసాన్ నగరంలో జూల్ గోనిన్ అనే డాక్టరు, మూలం ఆ చిరుగేనని, దాన్ని వెతికి కాల్చి మూయాలని పట్టుబట్టి, 1920ల్లో చేసి చూపించారు. ఈనాడు లేజరు ఉంది, మిషన్లు ఉన్నాయి. చిరుగును వెతకడానికి మాత్రం ఇప్పటికీ ఒక డాక్టరు కంట్లోకి చూడవలసిందే, ఆ రోగి ఆ డాక్టరు ముందుకు రావలసిందే.

మా అభిప్రాయం సూటిగా చెబుతాము. కంటి ఓ.పి.లో చీటీ నంబరు నొప్పిని బట్టి ఇవ్వడం మానాలి. కంట్లో దుమ్ము పడి కళ్ళు నులుముకుంటూ వచ్చిన కుర్రవాడిని మేము వెంటనే లోపలికి పంపుతాము, ఎందుకంటే బాధ కనిపిస్తుంది. పక్కనే నిశ్శబ్దంగా కూర్చుని "ఏవో చుక్కలు కనిపిస్తున్నాయండి" అన్న పెద్దావిడకు రేపటి చీటీ రాస్తాము. దుమ్ము గంట ఆగినా కుర్రవాడి చూపు పోదు. పెద్దావిడ తెర రేపటికి అక్కడే ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

దీనికి మా ఆసుపత్రిలోనే ఒక ఎదురుమాట వచ్చింది, అది న్యాయమైనదే. ఏడుగురిలో ఆరుగురికి చిరుగు లేనప్పుడు అందరినీ అదే రోజు చూడమంటే డాక్టరు గారికి ఊపిరి సలుపుతుందా అని. ఆ ఆరుగురెవరో, ఏడోవారెవరో లక్షణాలను బట్టి చెప్పగలిగితే మేమూ ఒప్పుకునేవాళ్ళం. చెప్పలేము. చూపు తగ్గినా, మసి రాలినట్లు చుక్కలు కురిసినా ప్రమాదం ఎక్కువ అని మాత్రం చెప్పగలం. రెండే మెరుపులు, నాలుగే చుక్కలు ఉన్నవారికి కూడా చిరుగు దొరుకుతుంది. కంట్లోకి చూస్తే తప్ప తెలియదు గనుక చూడడమే మార్గం.

ఆ చూడడం ఎలా ఉండాలో కూడా ఇంటి వారికి తెలియాలి. అద్దాల షాపులో కంప్యూటరు చెకింగ్ చేయించుకుని "పవరు మారలేదట, ఏమీ లేదట" అని తిరిగి వెళ్ళినవారు మాకు తెలుసు. ఆ మిషను అద్దాల పవరు చెబుతుంది, తెర అంచు చూడదు. చిరుగులు పడేది సాధారణంగా అంచులోనే. దాన్ని చూడాలంటే చుక్కలు వేసి కనుపాపను పెద్దది చేయాలి, అందుకు ఇరవై ముప్పై నిమిషాలు కూర్చోవాలి. తర్వాత డాక్టరు గారు తలకు లైటు పెట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని, నలువైపులా చూడమంటూ పరీక్షిస్తారు. ఒక్కోసారి రెప్ప మీద చిన్న కడ్డీతో మెల్లగా నొక్కి అంచును లోపలికి తెచ్చి చూస్తారు. కొంచెం ఇబ్బందే, నొప్పి ఉండదు. లోపల రక్తం కమ్ముకుని తెర కనిపించకపోతే స్కానింగ్ చేస్తారు. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది. స్కూటరు నడుపుకుంటూ రావద్దు, వెంట ఒకరిని తీసుకురండి. తోడు ఎవరూ లేరని మాత్రం రేపటికి వాయిదా వేయకండి, ఆటోలో రండి.

మీ ఊళ్ళో ఆ రోజు కంటి డాక్టరు లేకపోతే ఫోను చేసి ఒక్కటే అడగండి: "ఈ రోజు కంట్లో చుక్కలు వేసి రెటీనా అంచు వరకు చూసేవారున్నారా?" లేరంటే అక్కడ సమయం పోగొట్టుకోవద్దు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల రెటీనా విభాగం ఉన్న కంటి ఆసుపత్రులు ఉన్నాయి. నీడ అప్పటికే మొదలై ఉంటే ఆ మాట ఫోనులోనే చెప్పండి. నీడ ఉండి మధ్య చూపు ఇంకా బాగున్న కన్నే అందరికన్నా తొందరగా చూడవలసిన కన్ను, కాపాడుకోవడానికి మాక్యులా ఇంకా మిగిలి ఉంది గనుక. "ఇంకా బాగానే కనిపిస్తోంది" అని ఆగిపోవడం ఇక్కడ తలకిందుల లెక్క.

అన్ని మెరుపులూ ఇవే కావు. తలనొప్పికి ముందు కొందరికి కోట గోడలా వంకర టింకరగా మెరిసే వెలుగు కనిపిస్తుంది. అది మెల్లగా పెరిగి, ఇరవై ముప్పై నిమిషాల్లో పోతుంది, ఏ కన్ను మూసినా రెండవ కంటికి కనిపిస్తూనే ఉంటుంది. అది మైగ్రేన్, మెదడు నుంచి వచ్చేది. ఒక కంటికి మాత్రమే, అంచున, క్షణకాలం, కన్ను కదిలినప్పుడు వచ్చేది తెర మాట. ఏళ్ళ తరబడి ఒకటి రెండు నలుసులు తేలుతూ ఉండి, ఏ మార్పూ లేనివారు కూడా కంగారు పడనక్కర లేదు. కొత్తగా వచ్చిందా, ఒక్కసారిగా పెరిగిందా అన్నదే చూడాలి. షుగరు ఉన్నవారికి ఎర్రని, నల్లని తీగలు తేలితే లోపల రక్తస్రావం కావచ్చు, వారు కూడా ఆ రోజే రావాలి. ఇంకొకటి: ఒక కంటి చూపు దీపం ఆర్పినట్లు పూర్తిగా పోతే, కొద్ది నిమిషాల్లో తిరిగి వచ్చినా సరే, దాన్ని పక్షవాతం హెచ్చరికగా తీసుకుని 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అక్కడ లెక్క గంటల్లో ఉంటుంది.

చూపులో మార్పు ఇంట్లోనే కనిపెట్టే పద్ధతి చాలా తేలిక, అయినా ఎవరూ చేయరు. రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతసేపు ఒక కన్ను లోపాన్ని ఇంకో కన్ను కప్పిపెడుతుంది. టైలరమ్మ మూడు రోజులు నీడతో పని చేసింది అందువల్లనే. గోడ మీది క్యాలెండరు ముందు నిలబడి, ఒక కంటిని అరచేత్తో నొక్కకుండా మూసి, క్యాలెండరు మధ్యలోకి చూడండి. నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా, గీతలు నిటారుగా ఉన్నాయా? రెండో కంటితోనూ చూడండి. ఏదైనా మూల మాయమైతే బయలుదేరండి. అన్నీ సరిగ్గా కనిపించాయని మాత్రం మెరుపులు వచ్చిన కంటిని ఇంట్లో ఉంచుకోవద్దు. చిరుగు ఒక్కటే ఉన్నప్పుడు క్యాలెండరు బాగానే కనిపిస్తుంది.

టైలరమ్మ సంగతి జరిగాక మా కౌంటరులో ఒక కాగితం అంటించాము. కంటి సమస్య అన్న ప్రతివారినీ మూడు ప్రశ్నలు అడగాలి: ఒక కంటికి కొత్తగా మెరుపులా? కొత్తగా నల్లచుక్కలా? ఏ పక్క నుంచైనా నీడా? ఒక్కదానికి అవును అన్నా చీటీ నంబరుతో పని లేదు, మా సిస్టర్ వచ్చి లోపలికి తీసుకువెళ్ళాలి. డాక్టరు గారు వెళ్ళిపోయి ఉంటే కింద రాసిన నంబరుకు ఫోను చేయాలి.

ఆ కాగితం అంటించిన కొన్ని నెలలకు రిటైరైన ఒక లెక్కల మాస్టారు వచ్చారు, అరవై ఒకటో ఏడు. ఆదివారం ఆరాధనలో గుడి తెల్లగోడ మీద సాలీడు పాకుతోందని చూస్తూ కూర్చున్నారట. తల తిప్పితే సాలీడు కూడా తిరిగింది. పక్కనున్న భార్యకు చెబితే, "ఇంటికి పోయి భోంచేసి చూద్దాం" అనకుండా ఆమె తిన్నగా మా క్యాజువాలిటీకి తీసుకొచ్చింది. మా పాత సిస్టర్ ఒకరు ఫోను చేశారు, డాక్టరు గారు ఇంటి నుంచి వచ్చారు. జెల్లీ విడిపోయింది, చిరుగు లేదు. "అయితే ఊరికే మిమ్మల్ని శ్రమ పెట్టామండీ" అని మాస్టారు నొచ్చుకున్నారు. డాక్టరు గారు, "ఇంకా అయిపోలేదు మాస్టారూ, నాలుగైదు వారాల్లో మళ్ళీ రండి. ఈలోగా చుక్కలు ఎక్కువైనా నీడ కనిపించినా అర్ధరాత్రయినా రండి" అన్నారు. మొదటిసారి శుభ్రంగా ఉన్న కంటిలో కూడా తర్వాతి వారాల్లో కొందరికి చిరుగు పడుతుంది గనుక ఈ రెండవ పరీక్ష మానకూడదు. మాస్టారు అయిదో వారంలో వచ్చారు. ఆ రెండో పరీక్షలో అంచున చిన్న చిరుగు ఒకటి కనిపించింది. ఆ మధ్యాహ్నమే రిఫర్ చేసి పంపాము, మరునాడు లేజరు అయింది. చూపు 6/6.

టైలరమ్మ ఆరు నెలలకొకసారి ఎడమ కన్ను చూపించుకోవడానికి వస్తున్నారు. ఒక కంటి తెర ఊడినవారికి రెండవ కంటికీ ప్రమాదం ఎక్కువే. కిందటిసారి మైనస్ నాలుగు అద్దాలున్న కూతుర్ని కూడా వెంట తెచ్చి, ఆ అమ్మాయి కంట్లో కూడా చుక్కలు వేసి తెర అంచు వరకు చూడమని డాక్టరు గారిని ఆమే అడిగారు. చూశారు.